బిల్లులో దాగిన 123 కేవీఏ: మన చరిత్రతో కాక క్లయింట్ ఇబ్బందితో మొదలయ్యే ప్రపోజల్ ఎలా ఉంటుంది

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న సంస్థ, గుంటూరు శివారులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి తన పరికరాలను అమ్మడం కోసం 24 స్లైడ్ల ప్రెజెంటేషన్ తయారు చేసుకుంది. ఛాంబర్లలో ఉష్ణోగ్రతను, తేమను నిరంతరం నమోదు చేసే సెన్సార్లు, కంప్రెసర్ల కరెంటు వాడకాన్ని చూపే మీటర్లు, ఈ రెండింటి వివరాలనూ ఫోన్‌లో చూపించే సాఫ్ట్‌వేర్ ఆ సంస్థ అమ్మే సరుకు. మొదటి స్లైడ్‌లో లోగో, రెండో దానిలో ‘మా ప్రస్థానం’, ఆ తరువాత డైరెక్టర్ల ఫొటోలు, ఆఫీసు ముఖద్వారం, ఐఎస్ఓ సర్టిఫికెట్, సిబ్బంది వివరాల పట్టిక, పాత కస్టమర్ల లోగోలు వరుసగా ఉన్నాయి. క్లయింట్ పేరు మొదటిసారి కనిపించింది 14వ స్లైడ్‌లో. 17వ స్లైడ్‌లో మరో కోల్డ్ స్టోరేజీ పేరు చెరపకుండా అలాగే మిగిలిపోయింది.

ఆరో స్లైడ్ నడుస్తుండగానే కోల్డ్ స్టోరేజీ యజమాని అడిగిన ప్రశ్న ఒక్కటే: “బాబూ, ఇంతకీ రేటెంత?” ఆరున్నర లక్షలని చెప్పగానే, నాలుగున్నరకు చేస్తారా అన్నాడు. అక్కడి నుంచి మాట మరి పరికరం మీదికి రాలేదు. ఆ గదిలో ఒక మూలన కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ప్రపోజళ్ల భాష సరిచూడడం నా పని. యజమాని బేరం మీద మాత్రమే ఆసక్తి ఉన్న మనిషని సంస్థవాళ్లు తిరుగు ప్రయాణంలో అనుకున్నారు. నాకు మాత్రం, అప్పటివరకు విన్న దానిలో ఆయనకు సంబంధించిన విషయం ధర ఒక్కటే కనుక ఆయన దాని గురించే మాట్లాడాడనిపించింది.

ఇటీవల ఇక్కడి అమ్మకాల శిక్షణల్లో ‘క్లయింట్ పెయిన్ పాయింట్‌తో మొదలుపెట్టండి’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. దానిని విన్న చాలామంది, కంపెనీ చరిత్ర స్లైడ్లను వెనక్కి జరిపి, ముందు ‘మీ సమస్యలు’ అనే ఒక స్లైడ్ పెడుతున్నారు. అసలు మార్పు అది కాదు. అది ఏమిటో పై కోల్డ్ స్టోరేజీ ఉదాహరణతోనే చూద్దాం. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు, అంకెలు కొంత మార్చాను. లెక్క నడిచే తీరు మాత్రం అదే.

## ప్రొఫైల్, కొటేషన్, ప్రపోజల్: కలిసిపోయిన మూడు కాగితాలు

గందరగోళంలో సగం ఈ మూడింటినీ ఒకటిగా చూడడం వల్ల వస్తోంది. కంపెనీ ప్రొఫైల్ ‘మేమెవరం’ అన్న ప్రశ్నకు జవాబు. కొటేషన్ ‘ఇంత సరుకు, ఇంత ధర, ఇన్ని రోజుల్లో’ అని చెప్పే కాగితం. ప్రపోజల్ ఈ రెండూ కాదు. ‘మీ దగ్గర ఫలానా చోట ఇంత నష్టం జరుగుతోంది, దానిలో ఇంత భాగాన్ని ఈ విధంగా ఆపవచ్చు, దానికి ఇంత ఖర్చవుతుంది’ అనే వాదన అది. మొదటి రెండు కాగితాలలో పేరు మార్చి ఎవరికైనా ఇవ్వవచ్చు. ప్రపోజల్‌ను అలా ఇవ్వగలిగితే, అది ఇంకా ప్రపోజల్ కాలేదన్నమాట. పైన చెప్పిన 17వ స్లైడ్‌లో పాత పేరు మిగిలిపోవడం కేవలం అజాగ్రత్త కాదు. పేరు తప్ప మార్చవలసినది ఏదీ లేని స్లైడ్లు కాబట్టే అది ఎవరి కంటా పడలేదు.

పెయిన్ పాయింట్ అంటే క్లయింట్ రోజువారీ పనిలో డబ్బునో, సమయాన్నో, పరువునో పోగొట్టుకుంటున్న నిర్దిష్టమైన చోటు. ‘కరెంటు ఖర్చు ఎక్కువ’ అన్నది ఫిర్యాదు. ‘ఏప్రిల్ బిల్లులో ఒప్పందం దాటిన 48 కేవీఏకు రెట్టింపు రేటు కట్టాం’ అన్నది పెయిన్ పాయింట్. ఫిర్యాదు క్లయింట్ నోటి నుంచి వస్తుంది. పెయిన్ పాయింట్‌ను చాలాసార్లు అతని కాగితాలలో వెతుక్కోవలసి ఉంటుంది.

## యజమాని చెప్పినదీ, బిల్లులు చెప్పినదీ

మొదటి సమావేశం విఫలమైన పది రోజులకు, సంస్థలోని ఒక ఇంజినీర్ ప్రెజెంటేషన్ ఏదీ లేకుండా మళ్లీ గుంటూరు వెళ్లాడు. “మీకేం అమ్మడానికి రాలేదండీ, పోయిన ఏడాది కరెంటు బిల్లులు పన్నెండూ ఒకసారి చూడనిస్తారా?” అని అడిగాడు. యజమాని కాసేపు తటపటాయించినా, గుమాస్తాను పిలిచి ఫైలు ఇప్పించాడు.

ఆ కోల్డ్ స్టోరేజీలో నాలుగు ఛాంబర్లు, ఒక్కొక్కదానిలో దాదాపు 25 వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పడతాయి. హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్, 250 కేవీఏ ఒప్పంద డిమాండు. ఈ మాట తెలియనివారికి ఒక చిన్న వివరణ అవసరం. హెచ్‌టీ వినియోగదారుడు వాడిన యూనిట్లకు మాత్రమే కాక, ఒకేసారి గరిష్ఠంగా ఎంత భారాన్ని లాగాడన్న దానికి కూడా డబ్బు కడతాడు. ఆ గరిష్ఠ భారాన్ని కేవీఏలలో కొలుస్తారు. ముందుగా ఒప్పుకున్న హద్దు ఒప్పంద డిమాండు. నెలలో మీటరు చూపిన అత్యధిక భారం నమోదైన డిమాండు. నమోదైనది తక్కువగా ఉన్న నెలల్లో కూడా ఒప్పందంలో 80 శాతానికి కట్టవలసిందే. హద్దు దాటితే, దాటిన భాగానికి జరిమానా రేటు పడుతుంది. రేట్లను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్సీ తన టారిఫ్ ఉత్తర్వులలో ఎప్పటికప్పుడు నిర్ణయిస్తుంది కనుక, మన లెక్క కోసం కేవీఏకు నెలకు 475 రూపాయలు, దాటిన భాగానికి దానికి రెట్టింపు, అంటే 950 రూపాయలు అనుకుందాం.

యజమాని ఫిర్యాదు మొత్తం బిల్లు గురించి. ఏడాదికి అరకోటి దాకా కడుతున్నానని ఆయన బాధ. కానీ అరకోటిలో అధిక భాగం సరుకును చల్లగా ఉంచడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు. సెన్సార్లు పెట్టినంత మాత్రాన అది పోదు. బిల్లులను నెలవారీగా పరిచి చూస్తే, మూడు నెలలు విడిగా కనిపించాయి. నమోదైన డిమాండు మార్చిలో 291, ఏప్రిల్‌లో 298, మేలో 284. అంటే హద్దు దాటినది వరుసగా 41, 48, 34 కేవీఏలు, మొత్తం 123. దానికి కట్టిన సొమ్ము 1,16,850 రూపాయలు. ఈ అంకె బిల్లులో ఎప్పుడూ ఉంది. అయితే మూడు వేర్వేరు బిల్లులలో, మూడు వేర్వేరు వరుసలలో, ఇతర ఛార్జీల మధ్య ఉండడం వల్ల దానిని ఎవరూ ఒక్కచోట కూడి చూడలేదు.

అమ్మకాల గురించి పరిశోధించినవారిలో నీల్ రాక్‌హామ్ పేరు ప్రసిద్ధం. ఆయన బృందం 35 వేలకు పైగా విక్రయ సంభాషణలను పరిశీలించి, పెద్ద మొత్తాల అమ్మకాలలో నెగ్గినవారు తమ సరుకు గురించి చెప్పినదానికంటే, కొనేవారి ఇబ్బందిని, దాని పర్యవసానాలను గురించి ఎక్కువగా అడిగారని గమనించింది. ఆ పద్ధతిలో ప్రశ్నలు నాలుగు మెట్లుగా సాగుతాయి: ముందు పరిస్థితి, తరువాత సమస్య, ఆ పిమ్మట దాని వల్ల ఇంకా ఏమేమి దెబ్బతింటున్నాయన్నది, చివరగా అది తీరితే ఏం కలిసివస్తుందన్నది. మన ఇంజినీర్ ఈ పద్ధతి పేరు వినివుంటాడని నేననుకోను. అయినా బిల్లుల ఫైలు అడగడంతో అతను మొదటి మెట్టు ఎక్కాడు.

## మధ్యాహ్నం లారీలు, ఒకేసారి తిరిగే కంప్రెసర్లు

అంకె దొరికింది, కారణం దొరకాలి. కారణం తెలియని అంకెను స్లైడ్‌లో పెడితే, “ఆ సంగతి మాకు తెలియదా?” అన్న జవాబు వస్తుంది.

ఇంజినీర్ మూడు రోజుల పాటు మెయిన్ ప్యానెల్ దగ్గర, కరెంటు భారాన్ని నిరంతరం నమోదు చేసే ఒక లాగర్ ఉంచాడు. అది ఏప్రిల్, మిర్చి యార్డు వేసవి సెలవులకు ముందు, ధర నచ్చని రైతులు, కొని పెట్టుకునే వ్యాపారులు సరుకును కోల్డ్ స్టోరేజీలకు తరలించే రోజులు. ఎండలో నిలబడిన లారీలోని టిక్కీని చేత్తో తాకితే గోనె వేడిగా తగులుతుంది. ఆ వేడినంతా ప్లాంటు లాగివేయాలి. మధ్యాహ్నం రెండు గంటల నుంచి అయిదు దాకా రెండు ఛాంబర్ల తలుపులు ఒకేసారి తెరిచి హమాలీలు దించుతుంటే, లోపలి ఉష్ణోగ్రత పెరగడం చూసి ఆపరేటర్ అన్ని కంప్రెసర్లనూ నడిపిస్తున్నాడు. మీటరు ఒక క్షణపు ఎగుడును కాక, నిర్ణీత వ్యవధిలోని సగటును చూస్తుంది కాబట్టి, కంప్రెసర్ స్టార్ట్ అయినప్పటి తాత్కాలిక ఉధృతి వల్ల వచ్చిన నష్టం కాదిది. అన్నీ కలిసి ఎక్కువసేపు తిరగడమే కారణం.

ఇది తెలిశాక, సెన్సార్లు చేయవలసిన పని ఏమిటో స్పష్టమైంది. డిమాండు 235 కేవీఏ దగ్గరికి రాగానే ఆపరేటర్‌కు హెచ్చరిక రావాలి. ఏ ఛాంబర్‌కు ఇంకా అరగంట ఆగగలిగేంత చలువ ఉందో అతనికి కనిపించాలి. అప్పుడు అతను దాని వంతు ఆపి, రెండో దానికి చలువ ఇవ్వగలడు. పాత ప్రెజెంటేషన్ 19వ స్లైడ్‌లో ‘రియల్ టైమ్ మానిటరింగ్, స్మార్ట్ అలర్ట్స్’ అని ఉన్నది కూడా ఇదే పరికరం. అయితే అక్కడిదాకా చూసినా, ఆ మాటల్లో యజమానికి తన ప్లాంటు కనిపించేది కాదు.

## లెక్క ధరను మోయలేకపోతే

ఎక్కువ ప్రపోజళ్లు తడబడేది ఇక్కడే. ఇబ్బంది నిజమైనది, కారణం సరైనది, పరికరం పనికివచ్చేది. అయినా ఏడాదికి లక్షా పదిహేడు వేల నష్టాన్ని ఆపడానికి ఆరున్నర లక్షలు పెట్టమంటే ఎవరూ పెట్టరు. పైగా నష్టం మొత్తం ఆగదు. లారీలు వరుసగా వచ్చిన రోజున హెచ్చరిక మోగినా ఏమీ చేయలేని గంటలు ఉంటాయి. జాగ్రత్తగా అంచనా వేస్తే 80 వేలు మిగలవచ్చు. ఈ దశలో సాధారణంగా రెండు తప్పుదారులు ఎదురవుతాయి: అంకెను పెంచి చూపడం, లేదా ‘బ్రాండ్ విలువ’, ‘మనశ్శాంతి’ వంటి కొలవలేని మాటలను లెక్కలోకి తేవడం. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసేవారి ముందు మొదటిది నిలబడదు. క్వింటాకు యాభై రూపాయల తేడాను నోటితోనే లెక్కకట్టేవారు వాళ్లు.

ఇంజినీర్ మరో ప్రశ్న అడిగాడు: సరుకు బయటికి తీసేటప్పుడు గొడవలేమైనా వస్తాయా? గుమాస్తా వెంటనే అందుకున్నాడు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచిన మిర్చి, బయటికి వచ్చేటప్పుడు, రంగు తగ్గిందని, మెత్తబడిందని కొందరు డిపాజిటర్లు పేచీ పెడతారు. ఛాంబర్‌లో ఉష్ణోగ్రత సరిగానే ఉందని చూపడానికి చేతిరాత రిజిస్టర్ ఒక్కటే ఉంటుంది. దానిలో ప్రతి నాలుగు గంటలకూ ఒకే అంకె ఉండడం చూసి ఎవరూ నమ్మరు. చివరకు అద్దెలో మాఫీ చేసి పంపిస్తారు. నిరుడు అలా వదులుకున్నది దాదాపు 900 టిక్కీల అద్దె. టిక్కీకి 200 రూపాయలనుకుంటే 1,80,000. అన్ని పేచీలూ ప్లాంటు తప్పు కావు. తేమ ఎక్కువగా ఉండగానే నింపిన సరుకూ ఉంటుంది. ఉష్ణోగ్రత, తేమల నమోదు ఉంటే సగం పేచీలకైనా జవాబు చెప్పగలమని గుమాస్తాయే అన్నాడు. అంటే మరో 90 వేలు. ఈ 90 వేలు అమ్మేవాడి అంచనా కాదు, కొనేవాడి మనిషి నోటి నుంచి వచ్చినది. స్లైడ్‌లో కూడా దానిని ‘మీ ఆఫీసు అంచనా’ అనే రాశారు.

ఇప్పుడు మొత్తం 1,70,000. ఆరున్నర లక్షల ప్యాకేజీకి ఏటా 40 వేల సర్వీస్ ఖర్చు తీసివేస్తే మిగిలేది 1,30,000. పెట్టుబడి వెనక్కి రావడానికి అయిదేళ్లు. ఇది ఇంకా ఎక్కువే. అప్పుడు సంస్థ తన సరుకునే తిరిగి చూసుకుంది. ఆ ప్యాకేజీలో ప్రతి కంప్రెసర్‌కూ విడి మీటరు, గేటు దగ్గర కెమెరా అనుసంధానం, జనరేటర్ డీజిల్ సెన్సార్ ఉన్నాయి. పై రెండు ఇబ్బందులకూ వాటితో పని లేదు. నాలుగు ఛాంబర్ల సెన్సార్లు, మెయిన్ ప్యానెల్‌కు ఒకే మీటరు, హెచ్చరికల సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంచితే ధర 2,80,000కు, సర్వీస్ ఏటా 24 వేలకు దిగింది. ఏడాదికి నికరంగా మిగిలేది 1,46,000; పెట్టుబడి రెండేళ్లలోపు తిరిగివస్తుంది. కోల్డ్ స్టోరేజీ భాషలో చెప్పాలంటే రెండు సీజన్లు.

‘పెయిన్ పాయింట్ స్లైడ్ ముందు పెట్టడం’ అన్న సలహా చెప్పని సంగతి ఇదే. ఇబ్బందిని నిజంగా కొలిస్తే మారేది స్లైడ్ల వరుస మాత్రమే కాదు, అమ్మే సరుకు కూడా. అందుకు అమ్మకాల విభాగంలో అందరూ సంతోషించరు. ఆరున్నర లక్షల ఆర్డర్ మూడు లక్షలలోపుకు పడిపోయిందని ఇక్కడ మేనేజర్ బాధపడ్డాడు, ఆయన బాధలోనూ న్యాయముంది. ఆయన టార్గెట్ లక్షల్లో ఉంటుంది కానీ నెగ్గిన ప్రపోజళ్ల సంఖ్యలో ఉండదు కదా.

## తొమ్మిది స్లైడ్లు

కొత్త ప్రెజెంటేషన్‌లో తొమ్మిది స్లైడ్లే ఉన్నాయి. మొదటి దానిలో లోగో చిన్నదై అడుగుకు చేరింది. మధ్యలో ఒకే వాక్యం: ‘నిరుడు మార్చి నుంచి మే వరకు మీరు ఒప్పందం దాటిన 123 కేవీఏకు కట్టినది 1,16,850 రూపాయలు.’ రెండో స్లైడ్‌లో పన్నెండు నెలల డిమాండు గ్రాఫ్, 250 దగ్గర అడ్డంగా ఒక ఎర్ర గీత. మూడో దానిలో లాగర్ నమోదు చేసిన ఒక మధ్యాహ్నపు చిత్రం, దాని పక్కనే ఆ గంటల్లో దిగిన లారీల సంఖ్య. నాలుగో దానిలో అద్దె మాఫీల లెక్క.

అయిదో స్లైడ్ విషయంలో ఆఫీసులో చాలా వాదన జరిగింది. డిసెంబరు, జనవరి నెలల్లో ఛాంబర్లు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు నమోదైన డిమాండు 90 కేవీఏ మాత్రమే. కట్టేది మాత్రం 80 శాతం నిబంధన ప్రకారం 200 కేవీఏకు. అంటే ఆ రెండు నెలల్లో వాడని 110 కేవీఏకు నెలకు 52,250 రూపాయల చొప్పున పోతోంది. రెండు నెలలకూ కలిపి ఇది జరిమానాకు దాదాపు సమానమైన నష్టం. దీనిని సెన్సార్లు ఆపలేవు. ఒప్పంద డిమాండు తగ్గించుకుంటే సీజన్‌లో జరిమానా పెరుగుతుంది. ‘ఇది మా పరికరంతో తీరేది కాదు; ఒప్పంద డిమాండు విషయం మీ విద్యుత్ సలహాదారుతోనూ డిస్కంతోనూ మాట్లాడవలసినది’ అని రాయాలా, వద్దా? రాస్తే చేతకానితనం ఒప్పుకున్నట్లవుతుందని ఒక వాదన; రాయకపోతే, మొదటి స్లైడ్‌లోని లెక్క తెలిసినవాడికి ఈ లెక్క ఎందుకు తెలియలేదన్న అనుమానం వస్తుందని మరొక వాదన. చివరకు రాశారు. నా అనుభవంలో, ఒక ప్రపోజల్‌ను క్లయింట్ నమ్మడం మొదలుపెట్టేది చాలాసార్లు ఇటువంటి స్లైడ్ దగ్గరే.

ఆరో స్లైడ్ చిన్న ప్యాకేజీ, ఏడోది పై లెక్క, ప్రతి అంకె కిందా అది ఎక్కడి నుంచి వచ్చిందో. తొమ్మిదోది, ముందు ఒకే ఛాంబర్‌లో ఒక నెల పరీక్షించి చూసే ప్రతిపాదన.

కంపెనీ గురించి ఉన్నది ఎనిమిదో స్లైడ్ మాత్రమే. అక్కడ కూడా ‘పాతికేళ్ల అనుభవం’ అన్న మాట లేదు. దాని స్థానంలో యజమాని అడగబోయే మూడు ప్రశ్నలకు జవాబులున్నాయి. రాత్రి రెండింటికి సెన్సార్ పాడైతే ఎవరు వస్తారు? విడిభాగాలు ఎక్కడుంటాయి? అమోనియా ప్లాంటులో ఇంతకుముందు పెట్టారా, పెడితే ఎవరిని అడగవచ్చు? ఆటోనగర్‌లో గోదాం ఉండడం, గంట, గంటన్నరలో మనిషి గుంటూరు చేరగలగడం, పాతికేళ్లుగా అదే చిరునామాలో ఉండడం ఇక్కడ అర్థవంతమయ్యాయి. అంటే చరిత్ర మాయం కాలేదు; క్లయింట్ భయానికి జవాబుగా పనికివచ్చిన మేరకే నిలిచింది. ఏ ప్రశ్నకూ జవాబు కాని డైరెక్టర్ల ఫొటోలు పోయాయి.

## ఇబ్బంది ఒకరిది, మాట పడేది మరొకరు

క్లయింట్ అంటే ఒకే మనిషి కాదు. ఇక్కడ జరిమానా బాధ యజమానిది, పేచీల బాధ గుమాస్తాది. ఆపరేటర్ బాధ వేరు: రేపటి నుంచి ప్రతి నిమిషం నమోదవుతుంది, తప్పు జరిగితే తన పేరే వినిపిస్తుంది. మూడో స్లైడ్ తొలి ప్రతిలో ‘కంప్రెసర్లను విచక్షణారహితంగా నడపడం వల్ల’ అని ఉంది. ఆ మాట అలాగే ఉంటే, పదిహేనేళ్లుగా ఆ ప్లాంటును కాపాడుకొస్తున్న మనిషిని భాగస్వాముల ముందు దోషిగా నిలబెట్టినట్లే. పరికరం పెట్టాక దానిని పని చేయనిచ్చేదీ, చేయనివ్వనిదీ ఆయనే. ఆ వాక్యాన్ని ‘సరుకు దించే గంటల్లో ఏ ఛాంబర్‌కు ఎంత చలువ ఉందో ఆపరేటర్‌కు కనిపించే ఏర్పాటు లేకపోవడం వల్ల’ అని మార్చారు. మర్యాద కోసం చేసినా, ఈ రెండో వాక్యమే నిజానికి మరింత దగ్గరగా ఉంది.

ఇబ్బందితో మొదలుపెట్టే పద్ధతికి ఉన్న అసలు ప్రమాదం ఇదే. కొత్తగా వచ్చినవాడు పదిమంది ముందు ‘మీ ఇంట్లో ఇది బాగోలేదు’ అంటే, అది నిజమైనా ఎవరూ ఒప్పుకోరు. అందుకే జాగ్రత్త తెలిసినవారు, మొదటి స్లైడ్‌లోని అంకెను ముందు రోజే యజమానికి ఫోన్‌లో చెప్పి, అందరి ముందు పెట్టవచ్చా అని అడుగుతారు. అడగకుండా పెట్టి, భాగస్వాముల ముందు యజమానిని ఇరుకున పెట్టిన ప్రపోజల్‌ను నేను ఒకదానిని చూశాను. లెక్కలో అణువంత తప్పు కూడా లేదు, ఆర్డర్ మాత్రం రాలేదు.

రోగనిర్ధారణ తప్పడం మరో ప్రమాదం. మన ఉదాహరణలో ఇంజినీర్ బిల్లులు చూడకుండా, ‘కోల్డ్ స్టోరేజీలన్నిటికీ ఉండే సమస్య’ అని యూనిట్ల వృథాతో మొదలుపెట్టి ఉంటే, అది ఇంటర్నెట్‌లో దొరికే సమస్యే తప్ప ఈ క్లయింట్ సమస్య కాదు. ఊహించిన ఇబ్బందితో మొదలయ్యే ప్రెజెంటేషన్, చరిత్రతో మొదలయ్యేదానికంటే తక్కువ నష్టం చేస్తుందని నేననుకోను. చరిత్ర కనీసం నిజమైనా అవుతుంది. మొదటి స్లైడ్‌లోని అంకె క్లయింట్ సొంత కాగితంలో ఏ పేజీలో ఉందో చూపగలరా అన్న ఒక్క ప్రశ్నతో ఈ తేడాను పసిగట్టవచ్చు.

## వంశం అడగకుండా సంబంధం కలుపుకుంటారా?

ఈ పద్ధతిని అంగీకరించనివారి వాదనలో బలం లేకపోలేదు. ముప్పై ఏళ్లుగా ఈ ప్రాంతంలో యంత్రాలు అమ్మిన ఒక పెద్దాయన నాతో, “పెళ్లిచూపులకు వెళ్తే ముందు అబ్బాయి జీతం అడుగుతారా, వాళ్ల ఊరూ వంశం అడుగుతారా?” అన్నాడు. గుంటూరు వ్యాపారి కొత్త మనిషిని మొదట అడిగేది ‘ఏ ఊరు, ఎవరి తాలూకు’ అనే. నిన్న మొన్న వచ్చి రేపు ఫోన్ ఎత్తని సంస్థల చేతిలో దెబ్బతిన్నవారికి, ఎదుటివాడు ఎన్నాళ్లుగా నిలబడి ఉన్నాడన్నది కూడా ఒక పెయిన్ పాయింటే.

ఆయన మాట నిజమే. అయితే ఆ విచారణ ప్రొజెక్టర్ వెలగకముందే, టీ తాగుతూ జరుగుతుంది. తెలిసినవారి ద్వారా వెళ్తే, మనం గది గడప దాటకముందే మన చరిత్ర అక్కడికి చేరిపోయి ఉంటుంది. దానిని మళ్లీ స్లైడ్లలో చెప్పడం వల్ల కొత్తగా ఒనగూడేది లేదు. ఎవరి పరిచయమూ లేకుండా వెళ్లినప్పుడు మాత్రం రెండు వాక్యాల పరిచయం ముందే ఉండాలి: ఎక్కడివాళ్లం, ఎవరి దగ్గర పని చేశాం. అంతకుమించి ముందు చెప్పవలసినది ఏమీ నాకు కనిపించదు.

ప్రభుత్వ టెండర్ల సంగతి వేరు. అక్కడ టెక్నికల్, ఫైనాన్షియల్ అని రెండు కవర్ల పద్ధతి ఉంటే, టర్నోవర్, గతంలో చేసిన పనుల ధ్రువపత్రాలు వంటి అర్హతలు ముందు నెగ్గాలి. కొన్నిటిలో అనుభవానికి విడిగా మార్కులు కూడా ఉంటాయి. ఆ వరుసను నిర్ణయించేది టెండర్ పత్రమే. దానిని కాదని ఇబ్బందితో మొదలుపెడితే, మంచి ప్రపోజల్ కూడా తొలి వడపోతలోనే తిరస్కరణకు గురవుతుంది. పని చేసే విధానాన్ని వివరించమన్న భాగంలో మాత్రం, ఆ శాఖ ఎదుర్కొంటున్న ఇబ్బందిని దాని అంకెలతో రాసే వీలుంటుంది. ఎక్కువమంది అక్కడ కూడా కంపెనీ ప్రొఫైల్‌నే అతికిస్తున్నారు.

## ప్రొజెక్టర్ లేని సమావేశం

చివరగా ఒక ఆచరణ విషయం. ఇక్కడి కోల్డ్ స్టోరేజీలలో చాలావాటికి భాగస్వాములుంటారు. మన సంస్థవాళ్లు ప్రెజెంటేషన్ ఇచ్చినప్పుడు గదిలో ఉన్నది ఇద్దరే, నిర్ణయించవలసినవారు అయిదుగురు. మిగిలిన ముగ్గురికీ ఆ ఫైలు వాట్సాప్‌లో చేరింది. పక్కన నిలబడి వివరించే మనిషి ఎవరూ లేనప్పుడు, అరచేతిలోని తెరపై మొదట కనిపించే స్లైడే మాట్లాడవలసి ఉంటుంది. లోగోతో మొదలయ్యే ఫైలును చాలామంది ‘తరువాత చూద్దాం’ అని మూసేస్తారు.

రెండు రోజుల తరువాత, నరసరావుపేటలో ఉండే ఒక భాగస్వామి ఆటోనగర్ ఆఫీసుకు తానే ఫోన్ చేశాడు. ఆయన ఎనిమిదో స్లైడ్ దాకా వెళ్లలేదు. సంస్థ పేరును కూడా కాస్త తప్పుగా పలికాడు. అడిగింది ఒక్కటే: “ఆ 123 మా బిల్లులోదేనా? మే నెల బిల్లు నా దగ్గరే ఉంది, ఏ వరుసలో చూడాలో చెప్పండి.”